ఉబ్బిన కెపాసిటర్లు, కాలిన వాసన: పాత మదర్‌బోర్డును బాగు చేయించాలా, వదిలేయాలా?

ప్రశ్న: మా డీటీపీ షాపులో 2010లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. జీ31 బోర్డు, కోర్ 2 డ్యుయో, విండోస్ ఎక్స్‌పీ. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ అందులోనే. రెండు నెలలుగా పొద్దున ఒక పట్టాన ఆన్ కాదు, నాలుగైదు సార్లు నొక్కితే వస్తుంది. మొన్న పని మధ్యలో కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. మూత తీసి చూస్తే ప్రాసెసర్ పక్కన నాలుగు కెపాసిటర్లు పైన ఉబ్బి ఉన్నాయి. షాపతను బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకోండి అంటున్నాడు. రిపేర్ చేయించడం దండగేనా?

జవాబు:

కెపాసిటర్లు ఉబ్బినంత మాత్రాన బోర్డు పోయినట్టు కాదండీ. రిపేర్ దండగో కాదో తేల్చేది ఆ కాలిన వాసన. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేదాకా దయచేసి మళ్లీ ఆన్ చేయకండి. "ఒక్కసారి చూద్దాం" అని నొక్కిన ఆ ఒక్కసారికే ప్రాసెసర్ పోయిన కేసులు నా టేబుల్ మీదికి వచ్చాయి. ప్లగ్ గోడ నుంచి తీసేసి, హార్డ్ డిస్క్ విప్పి, సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి తగిలించి మీ ఫైళ్లన్నీ కాపీ చేసుకోండి. మీ పని అంతా అందులోనే ఉందన్నారు కాబట్టి మిగతావన్నీ దీని తర్వాతే.

ఉబ్బడం, వాసన రెండూ ఒకేసారి కనబడ్డాయి కదా అని రెండూ ఒకటే జబ్బు అనుకుంటాం. చాలాసార్లు కాదు. ఉబ్బిన కెపాసిటర్ నుంచి లోపలి ద్రవం కారితే వచ్చేది నీచు వాసన లాంటిది, లేదా మందుల వాసన లాంటిది. వైరు మాడినట్టు, ప్లాస్టిక్ కమిరినట్టు వాసన వచ్చిందంటే ఇంకేదో కాలింది. ఆ "ఇంకేదో" ఏమిటన్న దాన్ని బట్టి ఇది కొద్ది వందలతో పోయే పనా, డబ్బు పోసినా తేలని పనా అన్నది తెలుస్తుంది.

ముందు ఉబ్బడం సంగతి. పవర్ సప్లై నుంచి వచ్చే 4 పిన్నుల కనెక్టర్ ద్వారా బోర్డులోకి 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్‌కి కావలసింది ఒక వోల్టు పైచిలుకు మాత్రమే. మధ్యలో మాస్‌ఫెట్లు అనే చిన్న నల్ల బిళ్లలు సెకనుకు లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఆ 12 వోల్టులను ముక్కలు ముక్కలుగా కోసి పంపుతాయి. ఆ ముక్కలను కాయిల్స్, కెపాసిటర్లు కలిసి ఒక నిలకడైన ధారగా మారుస్తాయి. కెపాసిటర్ లోపల అల్యూమినియం రేకు, దాని మధ్య ద్రవంలో తడిపిన కాగితం చుట్టగా ఉంటాయి. ఈ రకం కెపాసిటర్ల ద్రవంలో నీటి పాలు ఎక్కువ. ఆ నీరు అల్యూమినియాన్ని తినకుండా ఆపే రసాయనాలు సరిగ్గా కలపకపోతే లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది, డబ్బా ఉబ్బుతుంది. 2000ల తొలి సంవత్సరాల్లో ఇలాంటి నాసిరకం ద్రవం వాడిన కెపాసిటర్లు ప్రపంచమంతటా లక్షల బోర్డులను పాడు చేశాయి. మీ బోర్డు కాలానికి ఆ గొడవ చాలావరకు తగ్గింది. కానీ చవక బోర్డుల్లో ద్రవం ఉన్న కెపాసిటర్లే కొనసాగాయి, పదిహేనేళ్ల వేడికి మంచివి కూడా ఎండిపోతాయి.

మీరు చెప్పిన "పొద్దున ఒక పట్టాన ఆన్ కాదు" అన్న లక్షణం దీనికి అచ్చంగా సరిపోతుంది. ద్రవం ఎండేకొద్దీ కెపాసిటర్ లోపలి నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ నిరోధం మరీ ఎక్కువ. నాలుగైదు సార్లు నొక్కేసరికి కెపాసిటర్ కాస్త వెచ్చబడి, నిరోధం తగ్గి, బోర్డు లేస్తుంది. చలికాలంలో ఇలాంటి బోర్డు కెపాసిటర్ల మీద హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వేడిగాలి కొట్టి, మొదటి నొక్కుకే ఆన్ అయితే జబ్బు అదేనని ఖాయం చేసుకున్న రోజులున్నాయి. మీరు మాత్రం ఇప్పుడు ఆ ప్రయోగం చేయొద్దు, కాలిన వాసన వచ్చింది కాబట్టి.

ఇక చూడడం. బోర్డును కేబినెట్ నుంచి బయటికి తీసి, బల్ల మీద పెట్టి, లైటు పై నుంచి కాకుండా పక్క నుంచి వేయండి. సెల్‌ఫోన్ టార్చ్ చాలు. మంచి కెపాసిటర్ తల అద్దంలా చదునుగా ఉంటుంది, దాని మీద పడ్డ లైటు తిన్నగా మెరుస్తుంది. కొంచెం ఉబ్బినా ఆ మెరుపు వంకర పోతుంది. తల మీద కూడిక గుర్తులానో, ఇంగ్లిష్ కే అక్షరంలానో గాట్లు ఉంటాయి. ఒత్తిడి పెరిగితే అక్కడ చిట్లడానికే ఆ గాట్లు. అనుమానం ఉంటే ఏటీఎం కార్డు అంచును తల మీద నిలబెట్టి చూడండి. చదునుగా ఉంటే నిలుస్తుంది, ఉబ్బి ఉంటే అటూ ఇటూ ఊగుతుంది. తర్వాత అడుగు భాగం చూడండి. కొన్ని పైన చదునుగానే ఉండి, అడుగున రబ్బరు బిరడాను బయటికి తోసేస్తాయి. అలాంటిది బోర్డు మీద కొంచెం లేచి, పక్కకి ఒరిగి కనబడుతుంది. గోధుమ రంగు పెచ్చు తల గాట్ల దగ్గర ఉంటే అది కారిన ద్రవమే. అడుగున, కాయిల్స్ చుట్టూ కూడా ఒకే తీరుగా ఉంటే అది ఫ్యాక్టరీలో కదలకుండా వేసిన జిగురు కావచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు.

ఉబ్బినవి నాలుగే కనబడినా మార్చాల్సినవి నాలుగే అనుకోకండి. ఒకే కంపెనీ, ఒకే సిరీస్, ఒకే విలువ ఉన్నవన్నీ ఒకే వేడిలో, ఒకే వయసులో ఉన్నాయి. చదునుగా కనబడేవాటిలోనూ కొన్ని లోపల అయిపోయి ఉంటాయి. ఆ వరుస మొత్తం మార్చాలి.

ఇప్పుడు వాసన. దీనికి ముక్కే మొదటి మీటరు. పవర్ సప్లై వెనక ఫ్యాన్ జాలీ దగ్గర ఒకసారి, బోర్డు మీద 4 పిన్నుల కనెక్టర్ దగ్గర ఒకసారి, ప్రాసెసర్ పక్కన మాస్‌ఫెట్ల వరుస దగ్గర ఒకసారి వాసన చూడండి. రెండు మూడు రోజులైనా కాలిన చోట వాసన నిలిచే ఉంటుంది. తర్వాత కళ్లు. 4 పిన్నుల ప్లగ్ ఊడదీసి, తెల్ల ప్లాస్టిక్ లోపలికి టార్చ్ వేయండి. పసుపు వైర్లు వచ్చే రెండు రంధ్రాల దగ్గర గోధుమ రంగు తిరిగిందేమో చూడండి. పెద్ద 24 పిన్నుల కనెక్టర్‌కీ ఇదే పని. మాస్‌ఫెట్ల మీద సూది మొనంత గుంట గానీ, బీట గానీ, పొంగు గానీ ఉందేమో చూడండి. బోర్డును తిరగేసి, వాటి కింద వచ్చే చోట పచ్చ రంగు ముదిరి గోధుమ రంగు అయ్యిందా, పైపొర బుడగలా లేచిందా చూడండి. రంగు కాస్త ముదరడం ఏళ్ల వేడికి మామూలే. బుడగ లేచిందంటే మామూలు కాదు.

చూపుకి ఏమీ దొరక్కపోతే మల్టీమీటర్‌తో మూడు కొలతలు. పవర్ సప్లై వైర్లన్నీ ఊడదీసి, ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి తీసేయాలి. ఇది ముఖ్యం. ప్రాసెసర్ కూర్చుని ఉండగా కొలిస్తే దాని లైను ఎలాగూ అతి తక్కువ ఓమ్‌లు చూపిస్తుంది. అది చూసి మంచి బోర్డును కూడా "షార్ట్" అని పక్కన పడేసినవాళ్లు ఉన్నారు. మొదటి కొలత, బోర్డు మీది 4 పిన్నుల సాకెట్లో పసుపు వైరు కూర్చునే పిన్ను, నలుపు కూర్చునే పిన్ను మధ్య. అంకె చిన్నగా మొదలై కెపాసిటర్లు నిండేకొద్దీ పెరుగుతూ పోతే మంచిదే. రెండో కొలత, అదే పసుపు పిన్ను నుంచి ప్రాసెసర్ పక్కన ఉన్న కాయిల్ కాలుకి. ఇక్కడ సున్నాకి దగ్గరగా వచ్చిందంటే పైవైపు, అంటే 12 వోల్టుల వైపు ఉండే మాస్‌ఫెట్ షార్ట్ అయింది. అంటే 12 వోల్టులు కోత లేకుండా నేరుగా ప్రాసెసర్ మీద పడి ఉండొచ్చన్నమాట. మూడో కొలత, కాయిల్ కాలు నుంచి గ్రౌండ్‌కి. ఇది సున్నా అయితే చాలాసార్లు కిందివైపు, అంటే గ్రౌండ్ వైపు ఉండే మాస్‌ఫెట్ పోయి ఉంటుంది.

పోయినేడాది మా ఊరి ఎరువుల షాపు నుంచి మీలాంటిదే ఒక జీ31 బోర్డు వచ్చింది. బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ దాని ప్యారలల్ పోర్టుకే తగిలి ఉండడంతో ఆయన దాన్ని వదలలేని పరిస్థితి. ప్రాసెసర్ చుట్టూ 6.3 వోల్టులు, 1500 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ఆరు. నాలుగు ఉబ్బాయి, రెండు చదును. కాలిన వాసన కూడా ఉంది. బోర్డు మీద ముక్కు పెట్టి ఎంత చూసినా దొరకలేదు. 4 పిన్నుల ప్లగ్ లాగబోతే రాలేదు. గట్టిగా ఊపి తీస్తే, ఒక పసుపు వైరు చివర ప్లాస్టిక్ కరిగి పిన్నుకి అతుక్కుని ఉంది. లోపలి లోహపు క్లిప్పు వదులైపోయి, నల్లబడింది. వదులు చోట వేడి పుట్టింది, వేడికి క్లిప్పు ఇంకా వదులైంది. మూడు కొలతలూ సరిగ్గానే ఉన్నాయి. అంటే కాలింది కనెక్టరే, బోర్డు గుండె బాగానే ఉంది.

ఆరు కెపాసిటర్లూ తీసేశాను. చదునుగా ఉన్న రెండింటిలో ఒకటి, లోపలి నిరోధాన్ని కొలిచే ఈఎస్‌ఆర్ మీటరు మీద ఒక ఓమ్‌కి పైగా చూపించింది. కొత్తది ఓమ్‌లో వందో వంతులు మాత్రమే చూపాలి. బోర్డు మీది 4 పిన్నుల సాకెట్‌ని ఒక పాడైన బోర్డు నుంచి తీసి మార్చాను. పవర్ సప్లై కూడా పదేళ్లు దాటినదే, దాని ప్లగ్ కాలింది కాబట్టి కొత్తది వేయించాను. ఆ సిస్టమ్ ఇవాళ్టికీ బిల్లులు కొడుతోంది.

దానికి ముందు వచ్చిన ఇంకో బోర్డులో కథ వేరు. ఉబ్బినవి మూడే, కానీ ఒక మాస్‌ఫెట్ మీద ఆవగింజంత గుంట, వెనక బుడగ. మాస్‌ఫెట్ మార్చాను, కెపాసిటర్లు మార్చాను, ప్రాసెసర్ అప్పటికే పోయింది. వేరే ప్రాసెసర్ పెడితే ఆన్ అయింది, పదకొండో రోజున మళ్లీ అదే మాస్‌ఫెట్ మాడింది. దాన్ని నడిపే కంట్రోలర్ చిప్‌కి కూడా దెబ్బ తగిలి ఉండాలి. అప్పటి నుంచి బుడగ లేచిన బోర్డు ఎవరు తెచ్చినా నేను చేయనని చెప్పేస్తున్నాను. ఇలాంటి బోర్డుల్లో రాగి పొరలు సాధారణంగా నాలుగు. బుడగ లేచిందంటే లోపలి పొరలు విడిపోవడం మొదలైందని. పైనుంచి ఎంత శుభ్రం చేసినా అది అతకదు.

మీ బోర్డు మొదటి రకమైతే, అంటే కొలతలు బాగుండి, కాలింది కనెక్టరో పవర్ సప్లైయో అయితే, నిస్సంకోచంగా చేయించండి. మీ విషయంలో దీనికి డబ్బు కాక ఇంకో కారణం ఉంది. ఇవాళ్టి కొత్త బోర్డుల మీద ఎక్స్‌పీ ఎక్కదు, దానికి డ్రైవర్లు రావు. ఈ హార్డ్ డిస్క్‌ని వేరే చిప్‌సెట్ బోర్డుకి తగిలించినా చాలాసార్లు నీలి తెర మీద `STOP: 0x0000007B` వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే ఆ ఎక్స్‌పీకి కొత్త బోర్డు డిస్క్ కంట్రోలర్ తెలియదు. పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు అన్నీ మొదటి నుంచి వేసుకోవాలి. అందుకే కొత్తది కొనండన్న సలహా మామూలు ఇంటి కంప్యూటర్‌కి సరైనదే అయినా మీకు పూర్తిగా సరిపోదు. ఒకవేళ మీ బోర్డు రెండో రకమని తేలితే, అదే జీ31 చిప్‌సెట్ ఉన్న పాత బోర్డు సెకండ్స్‌లో వెతకండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల అడిగి చూడండి. ఎక్స్‌పీ చాలావరకు అలాగే లేస్తుంది. కొనేముందు ఆ బోర్డు కెపాసిటర్ల మీద కూడా ఏటీఎం కార్డు పెట్టి చూడండి, దాని వయసూ ఇంతే.

రిపేర్ ఎవరు చేసినా చెడే అవకాశం రెండు చోట్ల. ఒకటి కెపాసిటర్ ఎంపిక. టీవీలకీ ఆంప్లిఫయర్లకీ వాడే మామూలు కెపాసిటర్ మీద కూడా అదే 6.3 వోల్టులు, 1500 మైక్రోఫారడ్లు అని రాసి ఉంటుంది, 105 డిగ్రీలు అని కూడా ఉంటుంది. కానీ దాని లోపలి నిరోధం ఎక్కువ. ప్రాసెసర్ పక్కన పెడితే సొంత వేడికే కొన్ని వారాల్లో ఉబ్బుతుంది. కొట్లో "లో ఈఎస్‌ఆర్" అని అడగాలి, సిరీస్ పేరు చూడాలి. పానాసోనిక్ ఎఫ్ఎం, ఎఫ్ఆర్ సిరీస్‌లు చాలాచోట్ల సరిపోతాయి. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, లావు పక్కదానికి తగలకుండా కూర్చోవాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, కానీ ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉన్న సరుకు, పాత బోర్డుల నుంచి పీకి కాళ్లు శుభ్రం చేసిన సరుకు కూడా అక్కడే దొరుకుతుంది. కొత్తదానికి ఒక కాలు పొడుగ్గా ఉంటుంది. రెండు కాళ్లూ సమానంగా కత్తిరించి ఉంటే తీసుకోవద్దు.

రెండోది టంకం. కెపాసిటర్ గ్రౌండ్ కాలు లోపలి రాగి పొర మొత్తానికి అంటుకుని ఉంటుంది, పెట్టిన వేడినంతా ఆ పొర తాగేస్తుంది. 25 వాట్ల ఐరన్ పెడితే అక్కడి సీసం కరగదు. కరగలేదని పట్టకారుతో లాగితే, రంధ్రం లోపలి రాగి గొట్టం కాలుతో పాటు ఊడి వస్తుంది, అక్కడితో బోర్డు నిజంగానే పోతుంది. 60 వాట్లు గానీ అంతకు మించి గానీ ఉన్న ఐరన్, లావు మొన కావాలి. ముందు ఆ కాలు మీద కొత్త సీసం కొంచెం కలపాలి, అప్పుడు పాతది తేలిగ్గా కరుగుతుంది. ఒక కాలు కరిగించి కెపాసిటర్‌ని అవతలికి వెంట్రుకవాసి వంచాలి, తర్వాత రెండో కాలు కరిగించి ఇవతలికి. ఇలా నాలుగైదు సార్లు ఊపితే అదే పైకి వచ్చేస్తుంది. మూసుకుపోయిన రంధ్రంలోకి వెనక నుంచి వేడి చేస్తూ పళ్లపుల్ల గుచ్చితే తెరుచుకుంటుంది, ఇనుప సూదిలా రాగిని గీరదు. మీరిచ్చే షాపతన్ని "ఏ ఐరన్ వాడతారు?" అని అడగండి. చేయి తిరిగినవాడు ఆ ప్రశ్నకి నొచ్చుకోడు.

తీసేముందు ప్రతి కెపాసిటర్‌కీ దగ్గరి నుంచి ఫోటో తీయమనండి. కెపాసిటర్ మీద చార ఉన్న వైపు మైనస్. బోర్డు మీద రంగు నింపిన సగం మామూలుగా మైనస్సే, కానీ కొన్ని కంపెనీలు దాన్నే ప్లస్‌కి గుర్తుగా పెట్టాయి. తిరగేసి పెడితే ఆన్ చేసిన కాసేపటికే పేలుతుంది. పాతది ఎటు తిరిగి ఉందో ఫోటోలో ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

ఖర్చు సంగతికి వస్తే, నా అనుభవంలో ఇలాంటి బోర్డుకి మంచి కెపాసిటర్లు అన్నీ కలిపి రెండు వందల లోపు, చేతికూలి నాలుగైదు వందలు. పవర్ సప్లై అదనం. పాత పవర్ సప్లైని మాత్రం వాడొద్దు. దాని నుంచి వచ్చే కరెంటులో గరుకు, అంటే సన్నటి హెచ్చుతగ్గులు పెరిగితే కొత్త కెపాసిటర్లు కూడా త్వరగా అరుగుతాయి, ఆ గరుకు మామూలు మల్టీమీటర్‌లో కనబడదు. దాని డబ్బా మీరు విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు.

బాగై వచ్చాక మొదటి రోజు హార్డ్ డిస్క్ తగిలించకండి. పెన్‌డ్రైవ్ నుంచి `Memtest86+` పెట్టి రాత్రంతా నడవనివ్వండి. ఒక్క ఎర్ర గీత రాకూడదు. మధ్యలో ఒకసారి కొత్త కెపాసిటర్ల తల మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు తీసేయాలనిపిస్తే అది సరైన రకం కాదు, లేదా టంకం సరిగ్గా పట్టలేదు. పొద్దున ఆపేసి, గంటసేపు చల్లారాక ఒక్క నొక్కుకే లేస్తే అప్పుడు డిస్క్ తగిలించండి.

ఈలోగా ఆ 4 పిన్నుల ప్లగ్ తీసి లోపల ఏం కనబడిందో, బోర్డు వెనక మాస్‌ఫెట్ల కింద రంగు ఎలా ఉందో, వీలైతే ఆ మూడు కొలతలూ రాయండి. రెండో కొలత సున్నా దగ్గర లేకపోతే, బుడగ కూడా లేకపోతే, మీ కెపాసిటర్ల మీద రాసి ఉన్న అంకెలు, వాటి లావు చెప్పండి. ఏవి కొనాలో సిరీస్ పేరుతో సహా చెప్తాను.